ఫోటోలో పదమూడో కుట్టుమిషన్
(ఏఐతో దిద్దిన ఫోటోలను సరిచూసుకోవడం, ఆ సంగతి చెప్పి మరీ పెట్టడం)



గత సంవత్సరం మన సొసైటీ తరఫున 12 మంది వితంతు సోదరీమణులకు కుట్టుమిషన్లు ఇచ్చాము. ఆ రోజు తీసిన ఫోటోను మా ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన మర్నాడు ఒక దాత ఫోన్ చేశారు. "మాస్టర్ సాబ్, మేం డబ్బు పంపింది 12 మిషన్లకు కదా. ఫోటోలో 13 కనబడుతున్నాయి. ఆ పదమూడోది ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు?" అని అడిగారు. ఆయన ఎగతాళికి అనలేదు, లెక్క అడిగారు. మేము ఫోటో తెరిచి వేలు పెట్టి లెక్కించాము. నిజంగానే 13 ఉన్నాయి. బిల్లు తీస్తే 12. సంతకాల రిజిస్టరు తీస్తే 12. దుకాణం వాళ్లను అడిగినా 12 అనే అన్నారు.

పదమూడో మిషన్‌ను ఎవరూ కొనలేదు, ఎవరూ ఇవ్వలేదు. దాన్ని ఫోటో దిద్దే ఏఐ పరికరం గీసింది. మేము గీయమని అడగలేదు. గీసినట్టు మాకు తెలియను కూడా తెలియదు. మూడు రోజులపాటు ఆ ఫోటో ఎంతమంది ఫోన్లలోకి వెళ్లిందో చెప్పలేము. ఆ తరువాత ఫోటోలు పెట్టే పద్ధతిని పూర్తిగా మార్చుకున్నాము. మీలో చాలామంది మసీదు కమిటీల్లో, పాఠశాల యాజమాన్యాల్లో, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టేవారే కనుక మేము నేర్చుకున్నది వివరంగా రాస్తున్నాము.

ముందు అసలేం జరిగిందో చెప్పాలి. ఫోటో తీసింది మా వాలంటీరు అబ్బాయి, ఇంటర్ చదువుతున్నాడు, పని మీద శ్రద్ధ గలవాడు. ఫంక్షన్ హాలు వేదిక మీద మిషన్లు వరసగా ఉన్నాయి, వెనుక సోదరీమణులు నిలబడ్డారు, వారి వెనుక బ్యానర్ ఉంది. కుడివైపు మూలన ఒక స్టీలు చెత్తడబ్బా ఉంది. సరిగ్గా ఫోటో తీసే సమయానికి టీ గ్లాసుల ట్రే పట్టుకున్న మనిషి ఒకరు బ్యానర్‌కు అడ్డంగా నడిచారు. అబ్బాయి ఇంటికి వెళ్లి ఫోన్లోనే మూడు పనులు చేశాడు. చెత్తడబ్బానూ ట్రే మనిషినీ చెరిపేశాడు. ఫేస్‌బుక్‌లో వెడల్పుగా కనబడాలని ఫోటోను కుడివైపుకు పొడిగించాడు. చివరికి ముఖాలు స్పష్టంగా కనబడాలని "మెరుగుపరచు" అనే బటన్ నొక్కాడు. మూడింటికీ కలిపి అయిదు నిమిషాలు పట్టలేదని చెప్పాడు. మాకు పంపితే మేమూ ఫోన్లోనే చూసి, "చాలా బాగుంది బేటా" అన్నాము. తప్పులో మా వంతు అక్కడుంది.

ఈ మూడు పనుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది పొడిగించడం. ఎందుకో ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. ఫోన్ తీసిన ఫోటో వెడల్పు 4000 చుక్కలు, ఎత్తు 3000 చుక్కలు, అంటే 4:3 నిష్పత్తి. దాన్ని టీవీ తెరలా 16:9 చేయాలంటే, ఎత్తు మార్చకుండా వెడల్పు 5333 చుక్కలు కావాలి. ఉన్నవి 4000. మిగతా 1333 చుక్కల వెడల్పు కెమెరా చూడనిది, ఎవరూ తీయనిది. పూర్తయిన ఫోటోలో అది సరిగ్గా నాలుగో వంతు. ఆ నాలుగో వంతును పరికరం తనకు తోచినట్టు నింపుతుంది. దాని పక్కన ఏముందో చూసి, అలాంటిదే కొనసాగిస్తుంది. గోడ ఉంటే గోడను, గడ్డి ఉంటే గడ్డిని కొనసాగిస్తుంది. మా ఫోటోలో వరసగా కుట్టుమిషన్లు ఉన్నాయి. కనుక వరసను కొనసాగించి ఇంకొకటి గీసింది. దాని దృష్టిలో అది తప్పు కాదు. అక్కడ 12 అనే అంకెకు విలువ ఉందని దానికి తెలియదు.

ఆ గీసిన మిషన్‌ను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే మాకే సిగ్గు వేసింది. మిగతా 12 మిషన్లకూ తిప్పే చక్రం ఒకే వైపు ఉంది, దీనికి రెండో వైపున ఉంది. సూది ఉండాల్సిన చోట ఒక మసక గీత మాత్రమే ఉంది. మిషన్ మీది కంపెనీ పేరు అక్షరాల్లా కనిపించే పిచ్చిగీతలు. మిషన్ వెనుక గాలిలో ఒక చీర కొంగు వేలాడుతోంది, కట్టుకున్న మనిషి లేదు. ఇన్ని తప్పులు ఉన్నా, అరచేతి వెడల్పు తెర మీద ఎవరికీ కనబడలేదు, ఒక్క దాత తప్ప. ఆయన బొమ్మ చూడలేదు, లెక్క చూశారు.

అందుకే మా మొదటి నియమం లెక్కపెట్టడం. దిద్దిన ఫోటోలో మనుషులు ఎంతమంది, వస్తువులు ఎన్ని, చేతులు ఎన్ని, నేల మీద పాదాలు ఎన్ని అని అసలు ఫోటోతో పోల్చి లెక్కపెడతాము. ఇది పిల్లల పనిలా అనిపిస్తుంది. కానీ కళ అంటే ఏమిటో, ఏఐ అంటే ఏమిటో తెలియనివారు కూడా చేయగలిగిన పరీక్ష ఇదొక్కటే. మా కోశాధికారి గారు ఇందులో మా అందరికంటే గట్టివారు.

రెండో నియమం, దిద్దినవారే సరిచూడకూడదు. మేము ముప్పై ఏళ్లుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్నాము. తన జవాబును తానే మళ్లీ చదివే విద్యార్థి కంటికి రాసింది కనబడదు, రాయాలనుకున్నది కనబడుతుంది. ఫోటో దిద్దినవారి సంగతీ అంతే. చెత్తడబ్బా పోయిందా లేదా అనే వారు చూస్తారు, పోయిన చోట ఏం వచ్చిందో చూడరు. కనుక ఒకరు దిద్దితే మరొకరు చూడాలి. చూసేవారికి అసలు ఫోటో కూడా ఇవ్వాలి. వాట్సాప్‌లో మామూలుగా ఫోటోలా పంపితే అది కుదించుకుపోయి సన్నని వివరాలు పోతాయి. కనుక డాక్యుమెంట్‌గా పంపాలి. అసలు ఫోటో మీదే దిద్దడం ఎప్పుడూ పనికిరాదు, కాపీ తీసుకుని దాని మీదే దిద్దాలి. మా అబ్బాయి అదృష్టవశాత్తూ అసలు ఫోటోను తుడిచేయలేదు. తుడిచేసి ఉంటే ఆ దాతకు చూపించడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఇక చూసే పద్ధతి. అసలు ఫోటోను, దిద్దినదాన్ని ఒకే ఫోల్డరులో పక్కపక్కన వచ్చేలా పేర్లు పెట్టి, కంప్యూటర్ తెర నిండా తెరవండి. కీబోర్డు మీది కుడి, ఎడమ బాణాలు నొక్కుతూ ఒకదాని నుంచి ఇంకొకదానికి త్వరత్వరగా మారండి. మారనివన్నీ కదలకుండా ఉంటాయి. మారిన చోటు మాత్రం గెంతినట్టు కంటికి తగులుతుంది. సైన్సు మాస్టర్లకు ఇది పాత పరిచయమే. 1930లో క్లైడ్ టాంబా ప్లూటోను ఈ ఉపాయంతోనే పట్టుకున్నాడు. ఆకాశంలో ఒకే భాగాన్ని వేరువేరు రాత్రుల్లో తీసిన రెండు ఫోటో పలకలను మార్చి మార్చి చూస్తే, నక్షత్రాలన్నీ నిలిచి ఉండగా ఒక్క చుక్క మాత్రం చోటు మారింది. మన ఫోటోకు ఇది పనిచేయాలంటే రెండూ ఒకే కొలతలో ఉండాలి. కనుక కత్తిరించడం, సైజు మార్చడం వంటివి సరిచూడటం అయ్యాకే చేయాలి.

ఇలా చూసినప్పుడు మా ఫోటోలో నాలుగు చోట్లు గెంతాయి. వాటిలో రెండు మేము మార్చమన్నవి, రెండు మేము అడగనివి. ఈ తేడా ముఖ్యమైనది. అడిగిన మార్పు సరిగా జరిగిందా అని చూడటం ఒక పని, అడగని మార్పు ఏదైనా దూరిందా అని చూడటం ఇంకొక పని. ఎక్కువమంది మొదటిదే చేస్తారు.

అడిగిన చోట్ల సంగతి ముందు చూద్దాం. చెత్తడబ్బా పోయింది, దాని నీడ మిగిలింది. నేల మీద ఏ వస్తువూ లేకుండా ఒక నల్లటి మచ్చ వాలి ఉంది. వస్తువును చెరిపేటప్పుడు దాని చుట్టూ గీత గీస్తాము కానీ నీడను, ఎదుటి మెరిసే వస్తువుల్లో దాని ప్రతిబింబాన్ని మరచిపోతాము. పక్కనున్న మిషన్ నల్లటి నునుపు మీద ఆ స్టీలు డబ్బా తళుకు ఇంకా సన్నగా కనబడుతూనే ఉంది. డబ్బా ఉన్నచోట టైల్స్ గీతలు చూడండి. నిజమైన నేల మీద టైల్స్ మధ్య గీతలు తిన్నగా పోతాయి. చెరిపిన చోట అవి వంకర తిరిగి, ఒకచోట రెండు టైల్స్ కలిసిపోయాయి. స్కేలు తెర మీద పెట్టి చూస్తే వంకర ఇట్టే తెలుస్తుంది. అలాగే కాంతిని, కాంట్రాస్టును తాత్కాలికంగా బాగా పెంచి చూస్తే, చెరిపిన భాగం ఇస్త్రీ చేసినట్టు నున్నగా, మిగతా భాగం సన్నని ఇసుక చల్లినట్టు కనబడవచ్చు. కెమెరా తీసిన ప్రతి ఫోటోలోనూ ఆ ఇసుకలాంటి గరుకు కొంత ఉంటుంది. కొత్తగా గీసిన భాగంలో అది లేకపోవచ్చు.

ట్రే మనిషిని చెరిపిన చోట ఇంకా పెద్ద పొరపాటు జరిగింది. ఆయన బ్యానర్ చివరి భాగానికి అడ్డంగా ఉన్నాడు. ఆయన వెనుక "పంపిణీ కార్యక్రమం" అనే మాటలో సగం దాగింది. కింద ఉర్దూ పంక్తిలోనూ కొంత దాగింది. మనిషి పోయాక అక్కడ అక్షరాలు ఉండాలి. పరికరం అక్షరాలను చదవదు, ఆకారాలుగా గీస్తుంది. కనుక తెలుగు వత్తులు ఎక్కడో వేలాడాయి, "క్ర" లాంటిదేదో వచ్చింది కానీ అది ఏ అక్షరమూ కాదు. ఉర్దూలో నుక్తాలు తారుమారయ్యాయి. ఒక్క చుక్క జరిగితే ఉర్దూలో మాట మారిపోతుందని మీకు చెప్పనవసరం లేదు. బ్యానర్ మీద అల్లాహ్ నామం గానీ, ఆయతు గానీ ఉన్నప్పుడు ఇలా జరిగితే ఏమవుతుందో ఊహించండి. అందుకని రాత ఉన్న భాగాన్ని ఏఐతో ఎప్పుడూ ముట్టుకోకూడదని మేము నిర్ణయించుకున్నాము. మిగతావాటిలో సడలింపు ఉంది, దీనిలో లేదు.

ఇక అడగని మార్పులు. ఒకటి పదమూడో మిషన్, అది చెప్పాము. రెండోది ఆ "మెరుగుపరచు" బటన్ చేసిన పని. అది మాకు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే బాధగా తెలిసింది. వెనుక వరసలో నిలబడ్డ ఒక సోదరి కూతురు మా పాఠశాలలో చదువుతుంది. ఆ పాప ఫోటో చూసి, "సార్, ఈమె మా అమ్మీ కాదు" అంది. అమ్మీ చీరే, అమ్మీ ఒడ్డూ పొడుగే, ముఖం మాత్రం వేరే ఎవరిదో. ఎడమ చెంప మీది పుట్టుమచ్చ లేదు. పళ్లు తీరుగా అయిపోయాయి. కళ్లు కాస్త పెద్దవయ్యాయి. వెనుక వరసలో ఒక్కో ముఖానికి దక్కిన వెడల్పు కొన్ని పదుల చుక్కలే. అంత కొద్ది సమాచారంలో లేని స్పష్టతను పరికరం ఎక్కడి నుంచి తెస్తుంది? తాను అంతకుముందు చూసిన లక్షల ముఖాల నుంచి ఒక నడిమిరకం ముఖాన్ని తెచ్చి అతికిస్తుంది. ఫోటో మసకగా ఉన్నప్పుడు మనకు కనబడని సంగతి, స్పష్టంగా ఉన్నప్పుడు కూడా కనబడలేదు, కాకపోతే ఈసారి అబద్ధం కనబడింది. ఈ తప్పును అపరిచితులెవరూ పట్టలేరు. ఆ మనిషిని గానీ, ఇంట్లో వారిని గానీ అడగాల్సిందే. ఇప్పుడు మేము ముఖాలను స్పష్టం చేయడం మానేశాము. మసక ముఖం మసకగానే ఉంటుంది.

ఇన్ని చెప్పాక ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ లోపాలు కనబడితే ఫోటో మారిందని తెలుస్తుంది. కనబడకపోతే మారలేదని తెలియదు. మూడేళ్ల కిందట ఏఐ బొమ్మల్లో ఆరు వేళ్లు తరచుగా కనబడేవి, ఇప్పుడు తగ్గిపోయాయి. టైల్స్ గీతలు కూడా రేపు తిన్నగానే రావచ్చు. వేరేవారి ఫోటో అసలుదా నకిలీదా అని తేల్చడానికి ఈ పద్ధతి చాలదు. కానీ మన ఫోటో సంగతి వేరు. దాన్ని ఎవరు తీశారో, ఏ బటన్ నొక్కారో మనకు తెలుసు. కనుక మార్పు పట్టుబడుతుందా లేదా అనే ప్రశ్నతో సంబంధం లేకుండా చెప్పవలసింది మనమే. లోపాలన్నీ సరిచేశాక, ఎవరి కంటికీ తెలియనంత చక్కగా కుదిరిన ఫోటోకే లేబుల్ ఎక్కువ అవసరం.

అయితే ఏ మార్పుకు లేబుల్ కావాలి? అంచులు కత్తిరించడం, వెలుతురు పెంచడం, వంగిన ఫోటోను నిటారు చేయడం, ఎవరైనా కోరితే ముఖాన్ని మసక చేయడం, వీటికి మేము లేబుల్ పెట్టడం లేదు. ఇవి ఉన్నదాన్ని చూపే తీరును మారుస్తాయి గానీ లేనిదాన్ని తేవు. ఏ వస్తువునైనా చెరిపినా, కొత్త చుక్కలు చేర్చినా, నేపథ్యం మార్చినా లేబుల్ పెట్టాలి. 2026 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఐటీ నియమాలకు చేసిన సవరణ కూడా దాదాపు ఈ గీతనే గీసింది. నిజమైనదనిపించేలా కృత్రిమంగా తయారైన చిత్రాలకు స్పష్టమైన గుర్తు ఉండాలని, పెద్ద సోషల్ మీడియా వేదికలు పోస్టు చేసేవారి నుంచి ఆ మేరకు ప్రకటన తీసుకోవాలని అంది. రంగు, వెలుతురు సర్దడం లాంటి మామూలు దిద్దుబాట్లను మినహాయించింది.

ఎంత లేబుల్ పెట్టినా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. దానం అందిన మనుషులనో, వస్తువులనో కృత్రిమంగా సృష్టించి చూపడం వాటిలో మొదటిది. దీనికి పెద్ద సంస్థ అనుభవం ఒకటి ఉంది. 2021లో కొలంబియాలో జరిగిన నిరసనల మీద అమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో సోషల్ మీడియాలో కొన్ని చిత్రాలు పెట్టింది. అవి ఏఐతో తయారైనవి. నిరసనకారుల ముఖాలు బయటపడితే వారికి హాని జరుగుతుందనే సదుద్దేశంతోనే అలా చేశారు. ఏఐతో తయారైందని చిన్న అక్షరాల్లో రాశారు కూడా. కానీ ఒక చిత్రంలో కొలంబియా జెండా రంగుల వరస తప్పుగా ఉంది, పోలీసుల యూనిఫారం పాతకాలపుది. విమర్శలు రావడంతో చిత్రాలను తొలగించారు. అక్కడ జరిగిన హింస నిజం, దాని మీద ఆ సంస్థ రాసిన నివేదిక నిజం. వాటి పక్కన పెట్టిన బొమ్మ మాత్రం నిజం కాదు. మన రాష్ట్రాల్లోనూ 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి భూముల విషయంలో ఇలాంటిదే చూశాము. చెట్లు కొట్టిన మాట నిజం, సుప్రీంకోర్టు పనులు ఆపమన్న మాటా నిజం. కానీ పారిపోతున్న జింకలు, నెమళ్లంటూ ఏఐ చిత్రాలు కలిసిపోవడంతో, ఏది అసలు ఫోటో ఏది కాదు అన్నదే కొన్నాళ్లు పెద్ద వాదమైంది. ముఖాలు కాపాడాలంటే వేరే దారులున్నాయి. వెనుక నుంచి తీయవచ్చు, చేతులను మాత్రమే తీయవచ్చు, ఒక్క మిషన్‌నే తీయవచ్చు. మా ఫోటోల్లో ఇప్పుడు చేతులే ఎక్కువ.

లేబుల్‌లో ఏం రాయాలనే దాని మీద మా కమిటీలో ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. ఒకరు "ఏఐ సహాయంతో మెరుగుపరచబడినది" అని రాద్దామన్నారు. వినడానికి గౌరవంగా ఉంది, కానీ ఏం చేశారో చెప్పదు. మెరుగుపరచడం అంటే వెలుతురు పెంచడమూ కావచ్చు, మిషన్ చేర్చడమూ కావచ్చు. చివరికి ఖరారు చేసిన మాటలు ఇవి: "ఈ ఫోటోలో కుడివైపున్న చెత్తడబ్బాను ఏఐతో తొలగించాము. మనుషులను, మిషన్లను మార్చలేదు. అసలు ఫోటో మా ఆఫీసులో ఉంది, అడిగితే చూపిస్తాము." ఏం మార్చామో, ఏం మార్చలేదో, అసలుది ఎక్కడుందో మూడు చిన్న వాక్యాల్లో వచ్చింది. రెండో వాక్యం రాసేముందు అది నిజమో కాదో సరిచూసుకోక తప్పదు. లేబుల్ రాయడానికి కూర్చుంటేనే సరిచూడటం కచ్చితంగా జరుగుతుందని మాకు అప్పుడు అర్థమైంది.

ఎక్కడ రాయాలి అన్నది ఇంకో చిక్కు. పోస్టు కింద రాస్తే ఫేస్‌బుక్ మొదటి కొద్ది పంక్తులే చూపి మిగతాది మడిచేస్తుంది. కనుక లేబుల్ మొదటి వాక్యంగా ఉండాలి, కృతజ్ఞతలన్నీ చెప్పాక చివరన కాదు. వాట్సాప్‌లో ఒకరు ఫోటోను మాత్రమే ఫార్వర్డ్ చేస్తే, కింద రాసింది వెంట రాకపోవచ్చు. కనుక "ఏఐతో మార్చిన ఫోటో" అనే మూడు మాటలు ఫోటో మీదే ఉండాలి. మొదట్లో ఫోటో కింద తెల్ల పట్టీ అతికించి దాని మీద రాశాము. పట్టీని ఎవరో కత్తిరించేశారు, బహుశా చెడు ఉద్దేశం లేకుండానే. ఇప్పుడు ఫోటో లోపలే, కింది అంచుకు కాస్త పైన, ఎవరి ముఖం మీదా పడకుండా రాస్తున్నాము. అక్షరాల సైజుకు మా పరీక్ష సులువైనది. మా సభ్యుల్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఫోన్‌కు పంపుతాము. ఆయన చెయ్యి చాచి పట్టుకుని చదవగలిగితే సరిపోయినట్టు.

కొన్ని పరికరాలు తమంతట తామే ఫోటో ఫైలులో ఏఐ వాడినట్టు గుర్తు దాస్తాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అలాంటి గుర్తు కనబడితే AI info అని చూపుతాయి. 2024లో ముందు అది Made with AI అని వచ్చేది. చిన్న దిద్దుబాటుకే తమ ఫోటోల మీద ఆ ముద్ర పడుతోందని ఫోటోగ్రాఫర్లు గోల చేశాక పేరు మార్చారు. తరువాత, ఏఐతో దిద్దిన ఫోటోలకు ఆ గుర్తును మెనూ లోపలికి జరిపారు. అంటే చూసేవారు వెతికి నొక్కితే గానీ కనబడదు. పైగా వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపినప్పుడో, స్క్రీన్‌షాట్ తీసినప్పుడో ఫైలులో దాచిన గుర్తు ఊడిపోతుంది. కనుక యంత్రం చెబుతుందిలే అని మనం ఊరుకోవడానికి లేదు. పోస్టు చేసేటప్పుడు ఏఐ వాడారా అని అడిగే మీట ఉంటే దాన్ని ఆన్ చేస్తాము, మన మాటల్లోనూ రాస్తాము.

తప్పు ఫోటో వెళ్లిపోయాక ఏం చేయాలి? మా మొదటి ఆలోచన చప్పుడు చేయకుండా తీసేయడం. ఆ దాతే వద్దన్నారు. "తీసేస్తే, చూసినవాళ్లు పదమూడోది ఏమైంది అంటారు. చెప్పి తీయండి" అన్నారు. అసలు ఫోటోను, మార్చిన ఫోటోను పక్కపక్కన పెట్టి, మార్చినదాని మీద అడ్డంగా "ఇది తప్పు ఫోటో" అని ఎర్ర అక్షరాలతో రాసి, కింద నాలుగు మార్పులనూ వివరించి, మొదట పెట్టిన గ్రూపులన్నింటిలోనూ పెట్టాము. బిల్లు కాపీ జత చేశాము. వెనుక వరస సోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆమె నవ్వి, "పళ్లు మాత్రం బాగా పెట్టాడు మాస్టర్ సాబ్" అన్నారు. మా అబ్బాయి మాత్రం నవ్వలేకపోయాడు. ఇప్పుడు మా ఫోటోలన్నీ సరిచూసే పని అతనిదే. ఇతరులు దిద్దినవి అతను చూస్తాడు, అతను దిద్దినవి కోశాధికారి గారు చూస్తారు.

ఆ ఫోటో ఈ సంచికలో కుట్టుమిషన్ల నివేదిక పక్కన ఉంది. వెడల్పు కోసం ఈసారి పొడిగించలేదు, పైనా కిందా కలిపి 750 చుక్కలు కత్తిరించాము. పైన సీలింగు ఫ్యాన్లు, కింద ఖాళీ నేల పోయాయి. 12 మిషన్లున్నాయి. ట్రే పట్టుకున్న మనిషి ఉన్నాడు, బ్యానర్ మీద సగం మాట ఆయన వెనుక దాగి ఉంది. కుడి మూలన చెత్తడబ్బా కూడా ఉంది.